సగం పడిన బోర్డును చదవడం ఎలా?



సెలవుల్లో ఊరు వెళ్లినప్పుడు దారిలో కనిపించిన బోర్డులను ఫొటో తీసి, వాటి అర్థం రాసుకురమ్మని మా క్లాసు పిల్లలకు హోమ్‌వర్క్ ఇస్తాం. కన్నడ లిపి మనకు దగ్గరగా ఉంటుంది కాబట్టి బెంగళూరు వెళ్లిన పిల్లలకు ఇది సులువుగానే అనిపిస్తుంది. కానీ కదిలే కారులోంచి తీసిన ఫొటోలో బోర్డు అంచు తెగిపోతే ఏం చేయాలో ఇంట్లో మీరు చూపించవచ్చు.

ఒక ఉదాహరణ చూడండి. ఫొటోలో 'వాహన నిలుగడె' అని కన్నడలో ఉంది, కుడివైపు తెగిపోయింది. వాహన అంటే వాహనం, నిలుగడె అంటే ఆపడం. పిల్లవాడు వెంటనే 'పార్కింగ్' అని రాసేస్తాడు. తెగిన చోట 'స్థళ' అని ఉంటే అది నిజంగానే పార్కింగ్ స్థలం. 'నిషేధిసలాగిదె' అని ఉంటే అక్కడ బండి ఆపితే ఫైన్ కట్టాల్సి వస్తుంది! రెండింటికీ ఎడమ భాగం ఒకటే.

దీనికి కారణం వాక్య నిర్మాణమే. తెలుగులో 'రాదు', 'నిషేధం' చివర వస్తాయి కదా, కన్నడలోనూ అంతే. ఇంగ్లిష్‌లో 'నో పార్కింగ్' అన్నప్పుడు 'నో' ముందే వస్తుంది. అందుకే కన్నడ బోర్డుకు కుడి అంచు తెగితే, ఇంగ్లిష్ బోర్డుకు ఎడమ అంచు తెగితే అర్థం తలకిందులయ్యే ప్రమాదం ఎక్కువ.

అప్పుడు అక్షరాలను వదిలి గుర్తును చూడమనండి. నీలం వృత్తానికి ఎర్ర అంచు, మధ్యలో ఒక ఏటవాలు ఎర్ర గీత ఉంటే పార్కింగ్ నిషేధం. నీలం చతురస్రంలో 'పి' అక్షరం ఉంటే పార్కింగ్ స్థలం. తెగిన అంచు దగ్గర అక్షరం ముక్క మిగిలినా చాలు, అది 'ని'కి సరిపోతుందా, 'స్థ'కి సరిపోతుందా అని పోల్చవచ్చు. ఏ ఆధారమూ లేకపోతే 'వాహనాలు ఆపడం...' అని చుక్కలు పెట్టి వదిలేయాలి. ఊహించిన మాటను విడిగా, ప్రశ్నార్థకంతో రాయాలి. పూర్తి వాక్యం రాసిన పిల్లల కన్నా ఇలా చుక్కలు పెట్టిన పిల్లలకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

రైల్వే స్టేషన్ బోర్డులు కొంత నయం. అక్కడ కన్నడ, హిందీ, ఇంగ్లిష్‌లలో ఒకే పేరు ఉంటుంది, అనువాదం అక్కర్లేదు. వరుసల పొడవు ఒకేలా ఉండదు కాబట్టి పెద్ద వరుస తెగినా చిన్నది తరచుగా పూర్తిగా పడుతుంది. అన్నీ తెగి 'పుర' మాత్రమే మిగిలితే మాత్రం కష్టం, బెంగళూరులోనే యశవంతపుర ఉంది, కృష్ణరాజపుర కూడా ఉంది. అలాంటప్పుడు అదే ప్లాట్‌ఫామ్ మీద తీసిన ఇంకో ఫొటో ఉందేమో మీ ఫోన్‌లో వెతకండి.