ప్లాస్మా చికిత్స ప్రాణాలు కాపాడిందా? ఫారెస్ట్ ప్లాట్ చెప్పే సమాధానం

2021 ఏప్రిల్, మే నెలల్లో ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ ఆసుపత్రుల్లోని కొవిడ్ రోగుల బంధువులు ప్లాస్మా దాతల కోసం రాత్రింబవళ్లు గాలించారు. కొవిడ్ నుంచి కోలుకున్నవారి ప్లాస్మాను సేకరించేందుకు ఢిల్లీ ప్రభుత్వం 2020 జులైలోనే వసంత్ కుంజ్‌లోని కాలేయ వైద్య సంస్థ ఐఎల్‌బీఎస్‌లో ప్లాస్మా బ్యాంకును ప్రారంభించింది. అయితే 2021 మే 17న భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, ఈ చికిత్సను జాతీయ మార్గదర్శకాల నుంచి తొలగించింది. అప్పటికి పలు దేశాల్లో జరిగిన ప్రయోగాల ఫలితాలు వెలువడ్డాయి. ఇటువంటి ఫలితాలను కలిపి లెక్కించే విధానమే మెటా విశ్లేషణ. ఆ లెక్కను ఒకే చిత్రంలో చూపేది ఫారెస్ట్ ప్లాట్.

మూడు ప్రయోగాలతో ఆ చిత్రాన్ని గీసి చూద్దాం. చైనాలోని వుహాన్ ప్రయోగంలో ప్లాస్మా పొందిన 51 మందిలో 8 మంది, పొందని 50 మందిలో 12 మంది మరణించారు. మన దేశంలో 39 ఆసుపత్రుల్లో ఐసీఎంఆర్ నిర్వహించిన ప్లాసిడ్ ప్రయోగంలో 235 మందికి 34 మంది, 229 మందికి 31 మంది చనిపోయారు. బ్రిటన్‌లోని రికవరీ ప్రయోగంలో ఈ సంఖ్యలు 5,795 మందికి 1,399, 5,763 మందికి 1,408.

చిత్రంలో ఒక్కో ప్రయోగానికి ఒక్కో వరుస ఉంటుంది. ప్లాస్మా పొందినవారి మరణాల రేటును పొందనివారి రేటుతో భాగించగా వచ్చిన నిష్పత్తి వద్ద ఒక చతురస్రం గీస్తారు. దానికి ఇరువైపులా సాగే అడ్డగీత ఆ అంచనాలోని అనిశ్చితిని తెలుపుతుంది. చిత్రం మధ్యలో 1 వద్ద నిలువు గీత ఉంటుంది. దానికి ఎడమవైపు ఉంటే ప్లాస్మాతో మేలు, కుడివైపు ఉంటే కీడు అని అర్థం. అడ్డగీత ఆ నిలువు గీతను దాటితే, మేలో కీడో తేల్చలేమన్నమాట.

వుహాన్ చతురస్రం 0.65 వద్ద నిలుస్తుంది. దానిని మాత్రమే చూస్తే మరణాలు మూడో వంతు తగ్గాయనిపిస్తుంది. కానీ దాని అడ్డగీత 0.29 నుంచి 1.46 వరకు సాగింది. ప్లాసిడ్ 1.07 వద్ద ఉంది, గీత 0.68 నుంచి 1.68 వరకు. రికవరీ 0.99 వద్ద ఉంది; గీత 0.93 నుంచి 1.05 వరకే. అందుకే దాని చతురస్రం పెద్దది. అనిశ్చితి ఎంత తక్కువైతే చతురస్రం అంత పెద్దదిగా గీస్తారు. అట్టడుగున ఉండే వజ్రాకారం మొత్తం ఫలితం. ఇక్కడ అది 0.99, దాని రెండు కొనలు 0.93, 1.05.

మూడు ప్రయోగాల ఫలితాలు వేర్వేరుగా ఉన్నాయి కదా, వాటిని కలపవచ్చునా? ఆ తేడాల్లో యాదృచ్ఛికతకు మించినది ఎంత శాతమో ఐ-స్క్వేర్డ్ చెబుతుంది. చిత్రం కింద అది I² అని కనిపిస్తుంది. దాని సూత్రం ఇది:

I² = (Q − df) / Q × 100

ఇందులో Q అనేది ఉమ్మడి ఫలితం నుంచి ఒక్కో ప్రయోగం ఎంత దూరంగా ఉందో కొలిచి కూడిన మొత్తం. df అంటే ప్రయోగాల సంఖ్యలో ఒకటి తక్కువ. మన లెక్కలో Q 1.13, df 2. ఫలితం రుణాత్మకం కావడంతో I²ను సున్నాగా తీసుకుంటారు. అయితే సున్నా వచ్చినంత మాత్రాన మూడు ప్రయోగాలూ ఒకే తీరువని కాదు. వుహాన్‌లో తీవ్ర, ప్రాణాపాయ స్థితిలోని రోగులను, ప్లాసిడ్‌లో మధ్యస్థ స్థాయి రోగులను తీసుకున్నారు. ప్రయోగాలు కొద్దిగా ఉండి, అడ్డగీతలు పొడవుగా ఉన్నప్పుడు నిజమైన తేడా ఉన్నా ఈ కొలత పసిగట్టలేకపోవచ్చు.

కలిపే పద్ధతులు రెండు. అన్ని ప్రయోగాల వెనుక ఉన్న నిజ ప్రభావం ఒక్కటేనని భావించేది ఫిక్స్‌డ్ ఎఫెక్ట్ నమూనా. అందులో రికవరీ వాటా 97 శాతం, ప్లాసిడ్‌ది 2 శాతం, వుహాన్‌ది 0.6 శాతం. నిజ ప్రభావమే చోటునుబట్టి, రోగులనుబట్టి మారుతుందని భావించేది రాండమ్ ఎఫెక్ట్స్ నమూనా. ప్రయోగాల మధ్య తేడాను అది టౌ-స్క్వేర్డ్ అనే విలువతో లెక్కలోకి తెస్తుంది. మన లెక్కలో అది సున్నా కనుక రెండు నమూనాల ఫలితమూ ఒక్కటే.

ఆ విలువ 0.1 అని ఊహించి చూస్తే అసలు తేడా తెలుస్తుంది. రికవరీ వాటా దాదాపు 49 శాతానికి పడిపోతుంది. 101 మంది రోగుల వుహాన్ ప్రయోగం వాటా దాదాపు 18 శాతానికి పెరుగుతుంది. వజ్రం 0.94కు జరిగి, 0.61 నుంచి 1.45 వరకు విస్తరిస్తుంది. అంటే రాండమ్ ఎఫెక్ట్స్ నమూనాలో చిన్న ప్రయోగాల మాటకు బలం పెరుగుతుంది. ఆ చిన్న ప్రయోగాలలోనే లోపాలుంటే వజ్రం కూడా వాటి వైపే జరుగుతుంది. కనుక వజ్రాన్ని చూసే ముందు ఏ నమూనా వాడారో, ఏ ప్రయోగానికి ఎంత వాటా ఇచ్చారో ఆ చిత్రంలోనే చూసుకోవాలి.

ప్లాస్మా విషయంలో ఏ లెక్కలోనూ వజ్రం 1 గీతను వీడలేదు. ప్లాసిడ్ ఫలితం 2020 అక్టోబరులోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. రికవరీ ఫలితం 2021 మే 14న లాన్సెట్‌లో వచ్చింది. మూడు రోజుల తర్వాత ప్లాస్మా మార్గదర్శకాల నుంచి వైదొలగింది.