రోట్లో పుట్టే ఘాటు

పొట్టు తీసిన వెల్లుల్లి రెబ్బను ఎక్కడా గాటు పడకుండా ముక్కు దగ్గర పెట్టుకుంటే చెప్పుకోదగ్గ వాసనేమీ రాదు. అదే రెబ్బను రోట్లో వేసి ఒక్క పోటు వేస్తే ఘాటు పక్కింటి దాకా వెళ్తుంది. రెబ్బలో దాక్కున్న ఘాటు బయటపడిందని అనుకుంటాం కానీ, రోకలి పడేదాకా అది లేనే లేదు. ఆ క్షణంలోనే పుట్టింది.

పుట్టిన ఆ పదార్థం పేరు అల్లిసిన్. దాని ముడిసరుకు అల్లిన్ అనే, వాసన లేని గంధకపు పదార్థం. వంద గ్రాముల పచ్చి వెల్లుల్లిలో ఇది సుమారు ఒక గ్రాము ఉంటుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము అల్లినేజ్. రెబ్బలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నా కలవవు. అల్లిన్ ఒక రకం కణాల్లో నిల్వ ఉంటే, అల్లినేజ్ వేరే కణాల్లోని నీటి సంచుల్లో ఉంటుంది. పురుగు కొరికినా, కత్తి దిగినా, రోకలి పడినా గోడలు చితికి రెండూ కలుస్తాయి. అల్లినేజ్ ఒక్కో అల్లిన్ అణువును విరిచి, నిలకడ లేని గంధకపు ముక్కను వదులుతుంది. అలాంటి ముక్కలు రెండు జతకట్టి, ఒక నీటి అణువును విడిచేస్తే అల్లిసిన్ తయారైనట్టే. ఇదంతా దాదాపు ఒక్క నిమిషంలో ముగుస్తుంది. మొక్కకు ఇది ఆత్మరక్షణ: దెబ్బ తగిలిన చోటే, తగిలినప్పుడే ఆయుధం తయారవుతుంది.

అమెరికా రసాయన శాస్త్రవేత్త చెస్టర్ కావల్లిటో 1944లో జాన్ బెయిలీతో కలిసి అల్లిసిన్‌ను వేరుచేశాడు. ఆ మరుసటి ఏడాది ఆయన బృందం చేసిన ప్రయోగం ఇంకా ముచ్చటైనది. వాళ్లు వెల్లుల్లిని పొడి మంచుతో గడ్డకట్టించి పొడి చేసి, ఎసిటోన్‌తో కడిగారు. మిగిలిన తెల్లటి పొడికి దాదాపు వాసన లేదు. కొన్ని నీళ్లు చల్లగానే వెల్లుల్లి ఘాటు వచ్చింది. అదే పొడిని ముందుగా ఆల్కహాల్‌లో మరిగిస్తే మాత్రం నీళ్లు పోసినా ఏమీ జరగలేదు. అప్పుడు మరిగించిన దానికి, మరిగించని పొడిని చిటికెడు కలిపారు. మళ్లీ అల్లిసిన్ పుట్టింది!

ఈ వ్యవహారానికంతా తాళంచెవి ఆ చిటికెడు పొడిలోనే ఉంది. వేడికి ముడిసరుకు చెడలేదు, దాన్ని మార్చే పనివాడు పోయాడంతే. అల్లినేజ్ ఒక ప్రోటీన్. పొడవాటి గొలుసు ఒక పద్ధతిలో ముడుచుకుంటే ఏర్పడే గూటిలో అల్లిన్ అతికినట్టు కూర్చుంటుంది. సుమారు 35 డిగ్రీల దగ్గర ఆ పని చురుగ్గా సాగుతుంది. వేడి బాగా పెరిగితే మడతలు విడిపోయి గూడు చెదురుతుంది. ఉడికిన గుడ్డు తెల్లసొన చల్లారినా మళ్లీ నీరుగా మారనట్టే, అల్లినేజ్ కూడా పాత రూపానికి రాదు. అల్లిన్ మాత్రం చిన్న అణువు, చెదరడానికి మడతలు లేవు. మరిగే పులుసులో నిండు రెబ్బలు వేస్తే అవి కమ్మగా, తియ్యగా మెత్తబడటానికి పెద్ద కారణం ఇదే.

మరి దంచి కాసేపు ఆగితే? అమెరికాలో 2001లో కున్ సాంగ్, జాన్ మిల్నర్ ఎలుకలపై చేసిన పరిశోధన ఇదే చూసింది. క్యాన్సర్ కారకం వల్ల డీఎన్‌ఏకు జరిగే హానిని పచ్చి వెల్లుల్లి తగ్గించింది. నిమిషం సేపు మైక్రోవేవ్‌లో పెడితే ఆ గుణం పోయింది. దంచి పది నిమిషాలు ఉంచి వేడిచేస్తే మాత్రం కొంత మిగిలింది. ఎలుకల్లో తేలిన ఈ సంగతిని మనుషులకు వైద్యంగా తీసుకోకూడదు. పైగా అల్లిసిన్ కూడా గట్టిపిండం కాదు. వేడి తగిలితే త్వరత్వరగా విడిపోయి వేరే గంధకపు పదార్థాలుగా మారుతుంది. దంచిన వెల్లుల్లిని నూనెలో ఎర్రగా వేయిస్తే వచ్చే కమ్మదనం వేరు, పచ్చి ఘాటు వేరు.

అర్జెంటీనాలో పాబ్లో కవగ్నారో బృందం 2007లో, రక్త ఫలకికలు గుమిగూడకుండా వెల్లుల్లి ఎంత ఆపుతుందో పరీక్షనాళికల్లో కొలిచింది. మరిగే నీటిలో మూడు నిమిషాల వరకు పెద్ద తేడా రాలేదు. ఆరు నిమిషాలకు, దంచని రెబ్బల్లో ఆ శక్తి పూర్తిగా పోయింది. ముందే దంచినవాటిలో కొంత మిగిలింది. మైక్రోవేవ్‌లో శక్తి పోగొట్టుకున్న నిండు రెబ్బలకు పచ్చి వెల్లుల్లి రసం కలిపితే అది తిరిగొచ్చింది. కావల్లిటో చిటికెడు పొడి చేసిన పనే ఇక్కడ రసం చేసింది.

ఈ కథను చారు గిన్నెలో చూడొచ్చు. నాలుగు రెబ్బలను నిండుగా వేసి పది నిమిషాలు మరిగిస్తే అల్లిన్ చాలావరకు అలాగే ఉంటుంది, అల్లినేజ్ ఉండదు. గిన్నె దించి, చారు గోరువెచ్చగా అయ్యాక ఒక పచ్చి రెబ్బను దంచి కలిపితే, దాని అల్లిన్ అప్పటికే రోట్లో అల్లిసిన్‌గా మారి ఉంటుంది. మిగిలిన అల్లినేజ్, ఉడికిన రెబ్బల నుంచి చారులోకి దిగిన అల్లిన్ మీద పని మొదలుపెట్టగలదు. అయితే చింతపండు పులుపు ఎక్కువైతే ఆ పని మందగిస్తుంది, ఎందుకంటే ఈ ఎంజైముకు గట్టి పులుపు కూడా పడదు. పొగలు కక్కే చారులో వేస్తే కొత్తగా వచ్చిన అల్లినేజ్ కూడా పాతదాని దారే పడుతుంది.