మొదటి 30 సెకన్ల కూర్పు

యూట్యూబ్‌లో నిడివి ఎక్కువున్న వీడియోను ప్రేక్షకులు పెద్ద సంఖ్యలో వదిలేసేది మొదటి అర నిమిషంలోనే. వీడియో పెట్టినవారికి యూట్యూబ్ స్టూడియో చూపే రిటెన్షన్ గ్రాఫ్‌లో గీత మొదట నిటారుగా పడి, ఆ తర్వాత నెమ్మదిగా దిగుతుంది. 30వ సెకను దాకా ఎంత శాతం మంది నిలిచారన్నది అక్కడే విడిగా కనిపిస్తుంది. వీడియో నడుమ ఉన్న మంచి ఘట్టం నుంచి ఒక ముక్కను ముందుకు తెచ్చి, ఆరంభాన్ని దాని చుట్టూ తిరిగి కూర్చడం ఈ పతనాన్ని తగ్గించే మార్గాల్లో ఒకటి.

ఆత్రేయపురం పూతరేకుల మీద 18 నిమిషాల వీడియో ఒకటి తీశారనుకుందాం. తీసిన వరుసలో అయితే ముందు లోగో, తర్వాత పలకరింపు, సబ్‌స్క్రైబ్ చేయమన్న విన్నపం, కాలువ గట్ల మీద డ్రోన్ షాట్లు వస్తాయి. 40 సెకన్లు గడిచినా పూతరేకు కనిపించదు. అసలు ఘట్టం 9:40 దగ్గర ఉంది. బోర్లించిన వేడి కుండ మీద, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన బట్టను తయారీదారు ఒక్కసారి పరిచి లాగుతుంది. కాగితం కన్నా పల్చని రేకు కుండ నుంచి లేచి వస్తుంది. తర్వాత యాంకర్ ప్రయత్నిస్తే రేకు రెండుసార్లు చిరిగిపోతుంది, మూడోసారి నిలుస్తుంది.

ఇందులో ముందుకు తేవలసింది ఏది? చాలామంది ఎడిటర్లు అందంగా లేచిన రేకును ఎంచుకుంటారు. అది కంటికి బాగుంటుంది కానీ, చూసినవారికి తెలుసుకోవలసింది ఏమీ మిగలదు. యాంకర్ చేతిలో రేకు చిరిగే షాటే మెరుగు. ముందు వెనకలు తెలియకపోయినా ఆ షాట్ అర్థమవుతుంది, పైగా ఈ పని వస్తుందా రాదా అన్న ప్రశ్నను లేపుతుంది. ముక్కను ఎంచడానికి ఈ రెండే గట్టి పరీక్షలు. తెలియని మనిషి కన్నీళ్లు పెట్టుకునే దృశ్యం ఎంత బలమైనదైనా మొదటి పరీక్షలో నిలవకపోవచ్చు. ఆ మనిషి ఎవరో అప్పటికి ప్రేక్షకుడికి తెలియదు.

కట్ ఎక్కడ పడాలన్నది తర్వాతి సంగతి. యాంకర్ బట్టను చేతిలోకి తీసుకునే మాటలన్నీ వదిలేసి, బట్ట కుండను తాకే క్షణం దగ్గర ముక్క మొదలవ్వాలి. మొదటి రేకు చిరుగుతుంది, పక్కనున్నవారు నవ్వుతారు, మళ్లీ బట్ట కుండ మీదికి వెళుతుంది. రెండో రేకు ఫలితం కనిపించకముందే కట్ చేయాలి. మొత్తం పది సెకన్లు చాలు. చిటపటమనే మంట, నవ్వులు ఇక్కడ సంగీతం కన్నా బాగా పనిచేస్తాయి కాబట్టి బీజీఎంను బాగా తగ్గించడం మంచిది. ఆ వెంటనే ఇది ఏ ఊరో, ఈ వీడియోలో ఏం చూడబోతున్నారో చెప్పే ఒకటి రెండు వాక్యాలు ఐదారు సెకన్లలో రావాలి. మిగిలిన పదిహేను సెకన్లలో పిండి రుబ్బడమో కుండ వేడెక్కించడమో మొదలైపోవాలి. డ్రోన్ షాట్లలో ఒక్కటి ఆ వాక్యాల కింద సరిపోతుంది. లోగోను తీసేసినా నష్టం లేదు.

అతుకు దగ్గరే ఎక్కువ వీడియోలు దెబ్బతింటాయి. ముక్క అయిపోగానే పాత పలకరింపు యథాతథంగా వస్తే, ప్రేక్షకుడికి వీడియో రెండోసారి మొదలైనట్టు ఉంటుంది. గ్రాఫ్‌లో పదో సెకను దగ్గర గీత దభీమని పడితే తప్పు ముక్కది కాదు, దాని తర్వాత వచ్చినదానిది. మొదటి సెకన్ల నుంచే పడితే మాత్రం ముక్క అర్థం కాలేదనో, థంబ్‌నెయిల్ చెప్పింది అందులో లేదనో అనుమానించాలి. 9:40 దగ్గర గీత పైకి లేచి, దానికి ముందు బాగా కుంగిందంటే, జనం నడుమ భాగాన్ని దాటవేసి నేరుగా ఆ ఘట్టానికి వెళ్తున్నారు. అప్పుడు బాగుచేయవలసింది ఆరంభాన్ని కాదు, నడుమ భాగాన్ని.

అసలు ఘట్టం వచ్చినప్పుడు అవే పది సెకన్లను అదే షాట్‌తో మళ్లీ చూపితే విసుగు పుడుతుంది. రెండో కెమెరా ఉంటే ఆ కోణం వాడాలి. లేకపోతే ముందు చూపిన భాగాన్ని కుదించి, మూడో ప్రయత్నానికి పూర్తి సమయం ఇవ్వాలి. ముందు లేపిన ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరికి తీరాలి. మాటల నడుమ కోసి లేని గొడవను ఉన్నట్టు చూపే ముక్కలు మొదటి 30 సెకన్లు ప్రేక్షకుణ్ణి నిలబెడతాయేమో గానీ, ఆ చానల్ మీద అతని నమ్మకాన్ని తీసేస్తాయి.

అన్ని వీడియోలకూ ఈ కూర్పు నప్పదు. మోటారు ఎందుకు తిరగడం లేదని వెతికి వచ్చినవారికి జవాబు వెంటనే కావాలి, ఊరించే ముక్క వారికి అడ్డం. పైగా ఇది అప్‌లోడ్‌కు ముందే చేయాల్సిన పని. స్టూడియోలోని ఎడిటర్‌తో వీడియో మొదలును కత్తిరించవచ్చు గానీ నడిమి ముక్కను ముందుకు జరపడం కుదరదు. వీడియో ఫైలును మార్చడానికీ వీలుండదు. తిరగకూర్చిన వీడియోను కొత్తగా పెట్టాలి, దాని వ్యూస్ సున్నా నుంచి మొదలవుతాయి.