ప్లూటో ఇద్దరినీ తాకిన ఏడాది

పెళ్ళికి ముందు జాతకాలు కలిశాయా అని చూడడం మనకు అలవాటే. కలిసిన జాతకాల మీద తర్వాత కాలం ఎలా నడుస్తుందన్నది వేరే ప్రశ్న. మన పెద్దలు దానికి దశలు, గోచారం చూస్తారు. భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి దశ మారితే దశాసంధి అని జాగ్రత్త చెబుతారు. పాశ్చాత్య జ్యోతిష్కులకు విడిగా మరో పద్ధతి ఉంది. అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తడబడుతుందో చూడడానికి అందరికీ తెలిసిన ఒక జంట సరిపోతుంది: చార్లెస్, డయానా. వాళ్ళ పుట్టిన వివరాలు, పెళ్ళి తేదీ, విడిపోయిన తేదీ అన్నీ బహిరంగమే. డయానా స్వయంగా పెనీ థార్న్‌టన్, డెబీ ఫ్రాంక్ అనే జ్యోతిష్కులను సంప్రదించేది కూడా.

ముందుగా ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పే రాశులన్నీ సాయన లెక్కలోవి. మన పంచాంగం నిరయనం, అంటే దాదాపు 23 డిగ్రీలు వెనక. డయానా రవి ఇక్కడ కర్కాటకంలో 9 డిగ్రీల దగ్గర ఉంటే, మన లెక్కలో మిథునంలోకి వస్తుంది. రెండు లెక్కలూ కలిపేస్తే అంతా తారుమారవుతుంది.

చార్లెస్ 1948 నవంబరు 14న, డయానా 1961 జులై 1న పుట్టారు. అతని రవి వృశ్చికంలో 22 డిగ్రీలు దాటి ఉంది. ఆమె శుక్రుడు సరిగ్గా ఎదురుగా, వృషభంలో 24వ డిగ్రీలో. ఆమె చంద్రుడు కుంభంలో 25వ డిగ్రీలో, యురేనస్ సింహంలో 23వ డిగ్రీలో. అంటే నాలుగు రాశుల్లో దాదాపు ఒకే డిగ్రీల దగ్గర నాలుగు గ్రహాలు, ఒకటి అతనిది, మూడు ఆమెవి. ఈ అమరిక ఉన్న జంటలో ఏ నెమ్మది గ్రహమైనా ఒక మూల మీదికి వస్తే మిగతా మూడు మూలలకూ తగులుతుంది. గోచారంలో జ్యోతిష్కుడు మొదట వెతికేది ఇలాంటి చోటే. ఒక్కరి జాతకాన్ని మాత్రమే తాకే గ్రహాన్ని ఆ మనిషి సొంత విషయంగా చదువుతాడు. ఇద్దరినీ ఒకే నెలల్లో తాకితే అది సంసారం మీదికి వచ్చిందంటాడు.

1992లో ప్లూటో వృశ్చికంలో సరిగ్గా ఆ డిగ్రీల్లో నడిచింది. ప్లూటో సూర్యుణ్ణి చుట్టి రావడానికి 248 ఏళ్ళు పడుతుంది కాబట్టి ఒక డిగ్రీ దగ్గర నెలల తరబడి ఉంటుంది. పైగా ఏటా కొంతకాలం వక్రిస్తుంది. అందుకే ఒకే బిందువును ముందుకు వెళ్తూ ఒకసారి, వెనక్కి వస్తూ ఒకసారి, మళ్ళీ ముందుకు సాగుతూ ఒకసారి తాకుతుంది. చార్లెస్ రవిని ఏడాది మొదట్లో, వసంతంలో, చివరకు నవంబరులో తాకింది. సాధారణంగా మొదటి తాకిడిలో సమస్య బయటపడుతుందని, రెండోదానిలో లోపల నలుగుతుందని, మూడోదానిలో తేలిపోతుందని జ్యోతిష్కుల మాట. ఆ జూన్‌లో ఆండ్రూ మోర్టన్ పుస్తకం వచ్చి వాళ్ళ కాపురం గుట్టు వీధిలో పెట్టింది. డిసెంబరు 9న ప్రధాని జాన్ మేజర్ పార్లమెంటులో వాళ్ళు విడిపోతున్నారని ప్రకటించాడు. ఆ రోజున ప్లూటో అతని రవికీ, ఆమె శుక్రుడికి ఎదురు బిందువుకీ మధ్యలో ఉంది. అదే రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం, మిథునంలో 18వ డిగ్రీలో. డయానా లగ్నం ధనుస్సులో 18వ డిగ్రీ అనుకుంటే గ్రహణం ఆమె సప్తమ స్థానపు అంచు మీద పడింది. పాశ్చాత్య జ్యోతిష పాఠాలకు ఇంత కంటే చక్కని ఉదాహరణ దొరకదు.

ఇక రెండో పనిముట్టు, ప్రోగ్రెషన్. పుట్టిన తర్వాత ఒక్కో రోజూ జీవితంలో ఒక్కో ఏడాదికి సమానమని దాని లెక్క. ఇరవై ఆరో రోజు ఆకాశం ఇరవై ఆరో ఏటి కథ చెబుతుంది. దీనిలో రవి ఏడాదికి ఒక డిగ్రీ, చంద్రుడు పదమూడు డిగ్రీల దాకా కదులుతారు. ఈ లెక్కలో వచ్చే పౌర్ణమిని వాళ్ళు ప్రత్యేకంగా చూస్తారు. మొదలుపెట్టిన పని పూర్తి వెలుగులోకి వచ్చే సమయం అంటారు. డయానా పుట్టిన ఇరవై ఆరు రోజులకు, 1961 జులై 27న పౌర్ణమి. కాబట్టి ఆమె ప్రోగ్రెషన్ పౌర్ణమి 1987 మధ్యలో పడుతుంది. ఆ ఏడాదే దంపతులు వారాల తరబడి వేరువేరుగా ఉంటున్నారని బ్రిటన్ పత్రికలు రాయడం మొదలైంది. చార్లెస్‌కు అదే లెక్కన పౌర్ణమి 1980 మే నెల ప్రాంతంలో పడింది. ఆ వేసవిలోనే అతను డయానాకు దగ్గరయ్యాడు. చూడండి, ఒకే సంకేతం ఒకరికి ప్రేమగా, మరొకరికి దూరంగా పలికింది. పాఠం తెలిసినవాళ్ళు దీన్ని వైరుధ్యం అనుకోరు. నాకు మాత్రం ఇంత వెసులుబాటు ఉన్న పాఠం ముందుగా ఏం చెప్పగలదో అర్థం కాదు.

మంచి ఏడాది సంగతి ఇంకా తమాషా. 1981లో పెళ్ళి. గురుశనుల కలయిక ఆ జులై 24న తులలో జరిగింది, పెళ్ళికి అయిదు రోజుల ముందు. అంతకు ముందు, 1980 డిసెంబరు చివర్లో అదే జంట గ్రహాలు తులలో 9వ డిగ్రీలో కలిసి డయానా రవికి 90 డిగ్రీల దూరాన నిలిచాయి. ఫిబ్రవరిలో నిశ్చితార్థం ప్రకటించినప్పుడు కూడా శని ఆ బిందువుకు ఒక్క డిగ్రీ తేడాలోనే ఉన్నాడు. పెళ్ళి సంబరం చూసినవాళ్ళు గురుణ్ణి చదివారు. పదకొండేళ్ళ తర్వాత చూసినవాళ్ళు అదే జాతకంలో శనిని చదువుతున్నారు. జంటకు బాగున్న ఏడాది అని చెప్పాలంటే గురుడొక్కడు చాలడని, అతను ఇద్దరి జాతకాల్లో శుక్రుడికో చంద్రుడికో, సప్తమాధిపతికో తగలాలని, అదే సమయంలో శని కఠిన దృష్టి ఉండకూడదని జాగ్రత్తగల జ్యోతిష్కులు అంటారు. ఈ షరతులు ముందుగా రాసిపెడితేనే లెక్క. జరిగాక ఏ షరతైనా అమరుతుంది.

పరీక్షించే మార్గాలు లేకపోలేదు. ప్లూటో 22వ డిగ్రీలో ఉన్నది చార్లెస్ ఒక్కడి కోసం కాదు. ఏ ఏటైనా నవంబరు మధ్యలో పుట్టినవాళ్ళందరి రవినీ 1992లో అది తాకింది. వాళ్ళందరూ విడిపోలేదు. డయానా పుట్టిన వేళ మీద కూడా తగాదా ఉంది. ఒకప్పుడు మధ్యాహ్నం 2.15 అన్నారు, తర్వాత సాయంత్రం 7.45 అన్నారు. లగ్నం సుమారు నాలుగు నిమిషాలకో డిగ్రీ కదులుతుంది. మొదటి వేళ నిజమైతే లగ్నం ధనుస్సులో కాకుండా తులలో పడుతుంది, ఆ గ్రహణం ఆమె సప్తమాన్ని తాకదు. చంద్రుడు కూడా దాదాపు మూడు డిగ్రీలు వెనక్కి జరుగుతాడు. శుక్రుడు మాత్రం కొద్దిగానే కదులుతాడు కాబట్టి ప్లూటో మాట నిలుస్తుంది. అందుకే పుట్టిన వేళ రూఢి కానప్పుడు లగ్నం, భావాల మీద ఆధారపడే మాటలన్నీ పక్కన పెట్టి, నెమ్మది గ్రహాలకే పరిమితమవడం ఒక్కటే దారి.

విడాకులు 1996 ఆగస్టు 28న ఖరారయ్యాయి. అప్పటికి ప్లూటో వృశ్చికం దాటి ధనుస్సులో అడుగుపెట్టింది. ఇంకేముంది, జ్యోతిష్కులు ఆ రోజుకు శని మేషంలో నుంచి ఆమె రవిని చూస్తున్నాడని, యురేనస్ కుంభంలో నుంచి అతని చంద్రుణ్ణి తాకుతున్నాడని చూపించారు. పది గ్రహాలు, రెండు జాతకాలు, అయిదు రకాల దృష్టులు, పైన ప్రోగ్రెషన్. ఎవరికైనా ఏ తేదీకైనా ఏదో ఒకటి తగలక మానదు. కాబట్టి ఎవరైనా మీ దంపతుల కాలం చూస్తామంటే, ఏ గ్రహం, ఏ డిగ్రీ, ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఎవరి జాతకంలో దేన్ని తాకుతుందో కాగితం మీద రాసి తేదీ వేసి ఇమ్మనండి.