చూసింది చూసినట్టు రాసిన కాగితం

అక్కలారా! బడిలో ఇద్దరు పిల్లల మధ్య గొడవ జరిగితే టీచరు ఒక కాగితం రాస్తుంది. తల్లిదండ్రుల సంతకం అడుగుతుంది. ఇదివరకు చాలామంది వేలిముద్ర వేసి వెళ్లేవారు. ఇప్పుడు మీరు చదవగలరు. ఆ కాగితంలో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో తెలిస్తే మంచిది. మా బడిలో జరిగిన సంగతి చెబుతాను.

మా బడి భూపాలపల్లి దగ్గర ఒక ఊళ్లో ఉంది. పత్తి ఏరే రోజులవి. అన్నం గంట కొట్టారు. పిల్లలు పళ్లేలు పట్టుకొని వరుసలో నిలబడ్డారు. నేను వంటగది గుమ్మం దగ్గర ఉన్నాను. వెనక నుంచి చప్పుడైంది. తిరిగి చూసేసరికి నాలుగో తరగతి పిల్లవాడు కింద పడి ఉన్నాడు. ఐదో తరగతి పిల్లవాడు పక్కన నిలబడి ఉన్నాడు.

ముందు పడ్డవాడి మోచేయి కడిగాను. తర్వాత ఇద్దరినీ వేరువేరుగా కూర్చోబెట్టి అడిగాను. "వాడు తోసిండా?" అని అడగలేదు. అట్ల అడిగితే పిల్లలు మనం అన్న మాటకే తల ఊపుతారు. "ఏమైంది?" అని మాత్రమే అడిగి, చెప్పేదాకా ఆగాను.

ఆ సాయంత్రం బడి విడవకముందే రాశాను. తెల్లారితే కళ్లతో చూసింది, చెవులతో విన్నది కలిసిపోతాయి. పైన తేదీ వేసి, కింద ఇట్ల రాశాను:

"మంగళవారం, మధ్యాహ్నం 12 గంటల 40 నిమిషాలు. వంటగది ముందు, అన్నం వరుస. చప్పుడు విని తిరిగాను. చ కింద పడి ఉన్నాడు. క ఒక అడుగు దూరంలో నిలబడి ఉన్నాడు. క చేతిలో రెండు పళ్లేలు ఉన్నాయి. చ పడడం నేను చూడలేదు. చ ఎడమ మోచేతి మీద రూపాయి బిళ్లంత తోలు లేచింది. చ చెప్పిన మాట: 'నా పళ్లెం గుంజి నూకిండు.' క చెప్పిన మాట: 'వాడే జారి పడ్డడు.' మోచేయి కడిగాను. హెడ్‌మాస్టరుకు చెప్పాను."

క అంటే ఒకరు, చ అంటే మరొకరు. అవి వాళ్ల పేర్లలో మొదటి అక్షరాలు కావు. అట్లయితే ఊళ్లో ఎవరైనా కనిపెడతారు. అసలు పేర్లు వేరే కాగితం మీద హెడ్‌మాస్టరు బీరువాలో ఉంటాయి. కులం, తండ్రి పని, ఇంటి సంగతులు రాయలేదు. "పొగరుబోతు", "ఎప్పుడూ ఇంతే" అనే మాటలు కూడా రాయలేదు. క వయసు పదేళ్లు. కాగితం మీద పడ్డ పేరు వాడితో పాటు పై తరగతికి పోతుంది.

మర్నాడు చ తల్లి వచ్చింది. వేలు పెట్టి ఒక్కొక్క మాట చదివింది.

"మేడం, నా కొడుకును తోసిండని ఊరంతా అంటున్నరు. మీరు ఎందుకు రాయలే?"

"తోసేటప్పుడు నేను చూడలేదు అక్కా. మీ బాబు చెప్పిన మాట రాశాను. చూడు, ఇక్కడుంది."

ఆమెకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే, తోసే ఉంటాడని నా మనసుకూ అనిపించింది. అనిపించింది రాస్తే అది కాగితం కాదు, తీర్పు. ఆమె మళ్లీ చదివి, "దెబ్బ తాకింది కుడి మోచేతికి" అంది. నేనే తప్పు రాశాను. పిల్లవాడు నాకు ఎదురుగా కూర్చున్నాడు కదా! తప్పు మాట కనబడేటట్టు ఒకే గీత కొట్టి, పక్కన "కుడి" అని రాసి, సంతకం పెట్టాను. ఆమె కూడా పెట్టింది. ఇట్లాంటి కాగితంలో తప్పును చెరిపెయ్యకూడదు. రంగు పూసి కప్పకూడదు.

సాయంత్రం క తల్లి వచ్చింది. "నా కొడుకు పేరు ఆమె చూసిందా?" అని మొదట అదే అడిగింది. చూడలేదని చెప్పి అదే కాగితం చూపించాను. ఎవరికీ వేరే మాట రాయలేదు.

ఒకసారి జరిగితే గొడవ అంటాం. బలమున్నవాడు బలం లేనివాణ్ణి మళ్లీ మళ్లీ బాధపెడితే సతాయించడం అంటాం. ఒక్క కాగితం ఆ తేడా చెప్పలేదు. నెల తిరిగేసరికి మూడు కాగితాలయ్యాయి. పక్కపక్కన పెట్టి చూశాం. మూడుసార్లూ పళ్లెం గుంజుడే. మూడోసారి నా కళ్లముందే గుంజాడు. మూడు తేదీలూ గుడ్డు పెట్టే రోజులే. వరుస చివర ఉన్నవాళ్లకు చితికిన గుడ్లు వస్తున్నాయి. అందుకని క ముందుకు తోసుకొస్తున్నాడు. అడ్డం దొరికేది ఎప్పుడూ చ.

క ను కొట్టలేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టకూడదు. ఇద్దరు తల్లుల్నీ వేరువేరుగా పిలిచి మూడు కాగితాలూ చదివించాం. గుడ్డు రోజున పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్ల దగ్గరికే తెచ్చి వడ్డించడం మొదలుపెట్టాం. అన్నం దగ్గర గుంజుడు ఆగింది. రెండు వారాలకు నీళ్ల కుళాయి దగ్గర మళ్లీ గొడవైంది. ఆ రోజు సాయంత్రం నాలుగో కాగితం రాశాను.