మాట పడే చోట అక్షరం పడాలి

పాటల లిరికల్ వీడియోలు చూడనివాళ్లు ఇప్పుడు లేరు. గాయకుడి గొంతులో పల్లవి ఎత్తుకోగానే ఆ పదాలు తెర మీదికి ఎగిరొస్తాయి, పెరుగుతాయి, తిరుగుతాయి, జారిపోతాయి. అక్షరాలను ఇలా కదిలించే విద్యను కైనెటిక్ టైపోగ్రఫీ అంటారు. హిచ్‌కాక్ తీసిన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ (1959)కి సాల్ బాస్ చేసిన టైటిల్స్‌ను దీనికి తొలి ఉదాహరణల్లో ఒకటిగా చెప్పుకుంటారు. పాటకైతే పని కొంత సులువు. తాళం ముందే ఉంటుంది, దాని వెంట అక్షరాలు నడుస్తాయి. మామూలు వ్యాఖ్యానానికి తాళం ఉండదు. వచనంలో రాసిన పేరాను వింటూ చూసే వీడియోగా మార్చాలంటే, ఆ తాళాన్ని చెప్పే గొంతులోనే వెతికి పట్టుకోవాలి.

ఒక ఆరోగ్య ప్రచార వీడియోను ఉదాహరణగా తీసుకుందాం. స్క్రిప్టు ఇలా వచ్చిందనుకోండి: “పాము కరిచినప్పుడు చాలామంది కంగారులో కాటు పడిన చోట బ్లేడుతో కోయడం, నోటితో విషం పీల్చడం, పైభాగాన తాడు బిగించి కట్టడం వంటివి చేస్తుంటారు. వీటివల్ల మేలు జరగకపోగా హాని జరుగుతుంది. కరిచిన కాలును కదపకుండా బాధితుణ్ణి త్వరగా ఆసుపత్రికి తరలించాలి.”

చదవడానికి ఇందులో లోపమేమీ లేదు. దీన్నే ముక్కలుగా కోసి తెర మీద వేస్తే మాత్రం ప్రమాదం. “బ్లేడుతో కోయడం”, “నోటితో విషం పీల్చడం”, “తాడు బిగించి కట్టడం” అనే మూడు ముక్కలూ పెద్ద అక్షరాల్లో ఒకదాని వెంట ఒకటి పడతాయి. అవి చేయకూడని పనులన్న సంగతి తర్వాతి వాక్యంలో గాని తెలియదు. ఫోన్లో వీడియోలు చూసేవాళ్లలో చాలామంది సౌండు పెట్టరు. సగంలో వేలితో తోసేసి ముందుకు వెళ్లిపోయే మనిషి మూడు తప్పుడు సలహాలు చదివి వెళ్లినట్టే. తెలుగులో వాక్యం తేలేది చివర ఉండే క్రియతో. కాదు, లేదు, వద్దు అన్నవి కూడా అక్కడే ఉంటాయి. అందుకే మన భాషలో ఈ పనికి మొదటి సూత్రం ఇది: తెర మీద పడే ప్రతి ముక్కా తన అర్థాన్ని తానే పూర్తి చేసుకోవాలి.

అలాగని “కోయకండి, పీల్చకండి, కట్టకండి” అని రాస్తే సరిపోతుందా? చాలామంది అలాగే రాస్తారు. నాకది నచ్చదు. “కట్టండి”కీ “కట్టకండి”కీ తేడా మధ్యలో ఉన్న ఒక్క ‘క’. కాగితం మీద కన్ను దాన్ని తప్పక పట్టుకుంటుంది. ముప్పావు సెకను మాత్రమే నిలిచే కదిలే అక్షరాల్లో అది జారిపోవచ్చు. నిషేధం విడి పదంగా, కళ్లకు కొట్టొచ్చినట్టు ఉండాలి. అందుకని చెప్పే మాటనే మారుస్తాం: “పాము కరిచిందా? బ్లేడు వద్దు. నోరు పెట్టొద్దు. తాడు వద్దు. కాలు కదపొద్దు. సూదిమందు ఆసుపత్రిలోనే ఉంది. నూట ఎనిమిదికి ఫోన్ చేయండి.” పేరాలో ఉన్న సంగతులన్నీ దాదాపు ఇందులోకి వచ్చాయి. “కంగారులో”, “వంటివి”, “మేలు జరగకపోగా” మాత్రం పోయాయి. అవి వచనానికి అవసరం, గొంతుకు బరువు.

ఇక్కడ తొందరపడి యానిమేషన్ మొదలుపెట్టకూడదు. ముందు గొంతు రికార్డు చేయాలి. స్క్రిప్టు చూసి “ఈ ముక్కకు ఒక సెకను, ఆ ముక్కకు రెండు” అని లెక్కలేసుకుని కూర్చుంటే, రికార్డింగ్ వచ్చాక అంతా తిరగరాయాల్సిందే. చెప్పే మనిషి “తాడు వద్దు” దగ్గర ఎంతసేపు ఆగుతాడో కాగితం చెప్పదు. అసలు వ్యాఖ్యాత దొరికేలోపు మీ గొంతుతోనే ఒక కచ్చా రికార్డింగ్ చేసుకుంటే ముక్కల పొడవు సరిపోయిందో లేదో తెలుస్తుంది. తుది సమయాలు మాత్రం తుది గొంతు నుంచే తీసుకోవాలి.

ఆ రికార్డింగును ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ప్లే చేస్తూ ప్రతి ముక్క మొదలైనప్పుడు `Ctrl+M` నొక్కితే అక్కడ ఒక లేబుల్ పడుతుంది. తర్వాత ఆ లేబుల్ కొనను లాగితే ముక్క ముగిసే చోటు కూడా నమోదవుతుంది. అన్నీ అయ్యాక లేబుళ్లను టెక్స్ట్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే మొదలు, ముగింపు, మాట అనే మూడు వరుసలు సెకన్లలో వస్తాయి. మన ఉదాహరణలో మొదటి ఐదు ముక్కలు ఇలా ఉన్నాయనుకుందాం:

```
0.400000	1.320000	పాము కరిచిందా?
2.120000	2.880000	బ్లేడు వద్దు
3.600000	4.560000	నోరు పెట్టొద్దు
5.320000	6.040000	తాడు వద్దు
7.400000	8.720000	కాలు కదపొద్దు
```

వింటూ నొక్కిన లేబుళ్లు ఉన్నవి ఉన్నట్టు పనికిరావు. వేలు ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి పోతుంది. ధ్వని తరంగాన్ని పెద్దది చేసి చూసుకుని ఒక్కొక్కదాన్నీ సరిచేయాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో ఈ పని చేయకండి. వాటిలో శబ్దం ఆలస్యంగా చెవికి చేరుతుంది కాబట్టి, మీరు సరిచేశాననుకున్నది అసలు తప్పవుతుంది.

తరంగం మొదలైన చోటే లేబుల్ పెట్టాలనుకోవడం అందరూ చేసే పొరపాటు. “సూదిమందు” అనే మాటను దగ్గరగా చూడండి. ముందు ‘స్’ అనే ఈల కొంతసేపు సాగుతుంది, ఆ తర్వాత గాని ‘ఊ’ అందుకోదు. తరంగం 9.60 సెకన్ల దగ్గర మొదలైతే అచ్చు 9.72 దగ్గర మొదలైందనుకోండి. చెవి మాత్రం మాట పడిందని గుర్తించేది ఆ రెండో చోటు దగ్గర్లో. 1976లో మోర్టన్, మార్కస్, ఫ్రాంకిష్ అనే పరిశోధకులు దీనికి పర్సెప్చువల్ సెంటర్ అని పేరు పెట్టారు. అంటే చెవికి దెబ్బ తగిలే చోటు. 0.12 సెకను అంటే సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో 3 ఫ్రేములు. ‘బ్లేడు’, ‘తాడు’ వంటి వాటికి ఈ తేడా తక్కువ. స, శ, ష లతో మొదలయ్యే మాటలకు ఎక్కువ. గుర్తు పెట్టాల్సింది హల్లు మొదలైన చోట కాదు, అచ్చు తెరుచుకున్న చోట.

ఇప్పుడు సెకన్లను ఫ్రేముల్లోకి మార్చాలి. 25తో గుణిస్తే చాలు. 2.12 సెకన్ల దగ్గర ఉన్న “బ్లేడు వద్దు” 53వ ఫ్రేము అవుతుంది. 53వ ఫ్రేములో కదలిక మొదలైతే మాత్రం ఆలస్యమే, ఎందుకంటే అక్షరం కుదురుకునేసరికి గొంతు ముందుకు వెళ్లిపోతుంది. రెండు ఫ్రేముల ముందు, అంటే 51 దగ్గర వదిలి, మొదట్లో వేగంగా, చివర్లో నెమ్మదిగా నడిపి, 57 దగ్గర ఆపాలి. అప్పుడు దెబ్బ పడే 53వ ఫ్రేముకు మాట చాలావరకు తన చోటుకు చేరి ఉంటుంది. మిగిలిన నాలుగు ఫ్రేముల్లో మెత్తగా సర్దుకుంటుంది.

ముందు వస్తే పర్వాలేదు గాని వెనకబడితే ఊరుకోదా? ఊరుకోదు, ఒక హద్దు వరకు. దృశ్యానికీ శబ్దానికీ మధ్య తేడాను మనుషులు ఎప్పుడు పసిగడతారో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ టీవీ ప్రసారాల కోసం లెక్కకట్టింది. శబ్దం ముందొస్తే సుమారు 45 మిల్లీసెకన్లకే తెలిసిపోతుంది. శబ్దం వెనక వస్తే 125 మిల్లీసెకన్ల దాకా పట్టుకోలేరు. మనకు దాని అర్థం ఏమిటంటే, అక్షరం గొంతుకన్నా మూడు ఫ్రేములు ముందొచ్చినా మనసు సర్దుకుంటుంది, రెండు ఫ్రేములు వెనకబడితే కన్ను చిరాకు పడుతుంది. ఆ లెక్కలు పెదవుల కదలికకు సంబంధించినవి కాబట్టి కదిలే అక్షరాలకు అచ్చంగా అవే వర్తిస్తాయనలేం. పనిలో మాత్రం అదే దిశ కనిపిస్తుంది. మరీ అర సెకను ముందొస్తే ఇంకో నష్టం: చెప్పబోయేది ముందే చదివేసి, చూసేవాడు గొంతు వినడం మానేస్తాడు.

మాటను ఏ పరిమాణంలో కదిలించాలన్నది తెలుగులో ప్రత్యేకంగా ఆలోచించాల్సిన సంగతి. టైప్‌రైటర్‌లా ఒక్కో అక్షరం పడే ఎఫెక్టు ఇంగ్లిష్‌కు అతికినట్టు సరిపోతుంది. మనకు దాన్ని అలాగే వాడితే “ఆసుపత్రి”లోని చివరి అక్షరం తెర మీద ముందు ‘త’గా, తర్వాత పొల్లుతో ‘త్’గా, ఆపైన ‘త్ర’గా, చివరికి ‘త్రి’గా మారుతుంది. కంప్యూటర్ లెక్కలో ‘త్రి’ అంటే నాలుగు సంకేతాలు. మన కంటికి ఒకే అక్షరం. ఆ మధ్య రూపాలు ఫ్రేముకొకటి మెరిసిపోతుంటే, ఎక్కడో ఏదో తప్పు జరిగిందనిపిస్తుంది గాని ఏమిటో తెలియదు. అనుమానం వస్తే వీడియోను ఒక్కొక్క ఫ్రేమే జరిపి చూడండి, పొల్లులు బయటపడతాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో దక్షిణాసియా లిపుల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోకపోతే వత్తులు అసలే విడిపోతాయి. ఎంచుకున్నా సరే, కదలికను అక్షరానికి కాకుండా పదానికి ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. “బ్లేడు వద్దు”లో రెండు పదాలూ ఒక్కసారే పడాలి. “బ్లేడు” ఒక్కటే ముందు పడితే మళ్లీ మొదటికొస్తాం.

ఇక నిశ్శబ్దం. “తాడు వద్దు” 6.04 దగ్గర ముగిసింది, “కాలు కదపొద్దు” 7.40 దగ్గర మొదలైంది. ఈ ఖాళీని ఏదో ఒక బొమ్మతో నింపాలన్న తాపత్రయం చాలామందికి ఉంటుంది. ఇక్కడ అవసరం వేరు. మొదటి మూడు నిషేధాలు ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ రావచ్చు, కన్ను వాటిని ఒక జాబితాగా పోగుచేసుకుంటుంది. ఆ తర్వాత దాదాపు అర సెకను వాటిని అలాగే నిలిపి, తెరను పూర్తిగా తుడిచేయాలి. మిగిలిన వ్యవధిలో తెర ఖాళీగా ఉండాలి. ఇకపై వచ్చేది చేయాల్సిన పని గనుక దాని రంగు కూడా మారాలి. ముక్కలు చదవడానికి టైము చాలిందా లేదా అన్నదానికి ఒక కొలత కావాలంటే, నెట్‌ఫ్లిక్స్ సబ్‌టైటిళ్లకు పెట్టుకున్న కనీస వ్యవధి సెకనులో ఆరింట ఐదు వంతులు. “తాడు వద్దు” పలకడానికి 0.72 సెకనే పట్టినా, తెర మీద అంతకన్నా ఎక్కువసేపు నిలవాలన్నమాట.

అంతా కుదిరాక కూడా వీడియో ఒక్కోసారి గాడి తప్పుతుంది. తప్పు ఎక్కడుందో తేడా తీరే చెబుతుంది. మొదటి నుంచి చివరిదాకా అన్ని మాటలూ ఒకే దూరం తప్పితే ఆడియో ట్రాక్ కొంచెం జరిగిందని అర్థం. మొదట్లో సరిగా ఉండి పోనుపోను దూరం పెరిగితే ఫ్రేము రేటు మారింది. 25 ఫ్రేముల లెక్కన వేసిన 133వ ఫ్రేము, అంటే 5.32 సెకన్లు, 30 ఫ్రేముల ప్రాజెక్టులో 4.43 దగ్గరికి వచ్చి పడుతుంది. “నోరు పెట్టొద్దు” గొంతులో ఇంకా పూర్తికాకముందే “తాడు వద్దు” తెర మీదికి దూకుతుంది. అందుకే ఫ్రేము సంఖ్యలు కాకుండా సెకన్ల ఫైలునే దాచుకోవాలి. ఒకే ఒక్క మాట తప్పితే మాత్రం అది లేబుల్ తప్పు. మళ్లీ తరంగం దగ్గరికి వెళ్లాలి.

చివరి ముక్కకు వేరే లెక్క. గొంతు “నూట ఎనిమిదికి” అని పలుకుతున్నంతసేపూ కన్ను చదవాల్సింది మూడు అంకెలే. అంకెలను ఒక్కొక్కటిగా పడేస్తే గొంతుతో కలవవు, ఎందుకంటే గొంతు ఒకటి, సున్నా, ఎనిమిది అని విడదీసి చెప్పడం లేదు. ‘నూ’ తెరుచుకోగానే 108 మొత్తం ఒక్కసారి రావాలి. “ఫోన్ చేయండి” తర్వాత గొంతు ఆగిపోయినా, సంగీతం అయిపోయినా, ఆ అంకె మరో రెండు మూడు సెకన్లు కదలకుండా ఉండాలి. దాన్ని చూస్తూ డయల్ చేసేవాళ్లు ఉంటారు.