'క్యాన్సిల్' నొక్కినా ఇంటర్నెట్ ఆగదు

విండోస్ కంప్యూటర్లో కొత్త ప్రోగ్రామ్ ఏదైనా మొదటిసారి తెరిచినప్పుడు ఒక్కోసారి తెర మధ్యలో ఒక పెట్టె వచ్చి కూర్చుంటుంది. విండోస్ 10లో అయితే పైన "Windows Defender Firewall has blocked some features of this app" అని ఉంటుంది. దాని కింద రెండు గడులు: ఒకటి ప్రైవేట్ నెట్‌వర్క్‌లకు, ఇంకొకటి పబ్లిక్ నెట్‌వర్క్‌లకు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఇదే సంగతి "Do you want to allow public and private networks to access this app?" అన్న ప్రశ్నగా వస్తుంది. అనుమతి ఇవ్వకపోతే యాప్ పనిచేయదేమోనని కొందరు వెంటనే Allow నొక్కేస్తారు. ఇంకొందరు భయపడి Cancel నొక్కి, ఆ యాప్‌కు ఇంటర్నెట్ తెగిపోయిందని నిశ్చింతగా ఉంటారు. ఇద్దరిదీ పొరపాటే. ఆ పెట్టె అడిగేది అసలు ఆ విషయం కాదు.

విండోస్ ఫైర్‌వాల్‌ని ఎవరూ కదపకపోతే అది పాటించే పద్ధతి ఇలా ఉంటుంది. మీ కంప్యూటర్ నుంచి బయటికి వెళ్లే కనెక్షన్లను అది వదిలేస్తుంది. మీరు పిలవకుండా బయటినుంచి వచ్చేవాటిని ఆపేస్తుంది. సెల్‌ఫోన్ లెక్కలో చెప్పాలంటే అవుట్‌గోయింగ్ అంతా ఫ్రీ, ఇన్‌కమింగ్ బంద్. మీరు చేసిన కాల్‌లో అవతలివాళ్లు మాట్లాడేది వినిపించినట్టే, మీ కంప్యూటర్ అడిగినదానికి వచ్చే జవాబులు ఇబ్బంది లేకుండా లోపలికి వస్తాయి. బ్రౌజర్‌లో పేజీ తెరుచుకోవడం, మెయిల్ రావడం, వీడియో కాల్ నడవడం అన్నీ ఈ అవుట్‌గోయింగ్ దారినే జరుగుతాయి. అందుకే వీడియో కాల్ యాప్ అడిగినప్పుడు Cancel నొక్కినా కాల్ మామూలుగానే కలుస్తుంది.

మరి ఆ పెట్టె ఎప్పుడు వస్తుంది? ఏదైనా ప్రోగ్రామ్ 'నాకు బయటినుంచి ఎవరో కాల్ చేస్తారు, నేను ఎదురుచూస్తుంటాను' అంటూ ఒక పోర్టు తెరిచి కూర్చున్నప్పుడు వస్తుంది. అలాంటి కాల్స్‌ని ఆ ఒక్క ప్రోగ్రామ్ దాకా రానివ్వాలా వద్దా అన్నదే ప్రశ్న. కాబట్టి దాన్ని చూడగానే ఒక్క మాట ఆలోచిస్తే చాలు: ఇంకో పరికరం ఏదైనా ఈ ప్రోగ్రామ్‌ని వెతుక్కుంటూ నా కంప్యూటర్‌కు రావలసిన అవసరం ఉందా? లేదంటే, లేదా తెలియదంటే, Cancel. తర్వాత ఏదైనా పని ఆగితే అప్పుడు చూసుకోవచ్చు. చాలా యాప్‌లు ఈ అనుమతిని అవసరమై కాదు, ఉంటే మంచిదని అడుగుతాయి.

నిజంగా అవసరమయ్యే సందర్భం ఒకటి తీసుకుందాం. ఫోన్లో ఉన్న పెళ్లి ఫొటోలను కేబుల్ లేకుండా లాప్‌టాప్‌లోకి పంపడానికి లోకల్‌సెండ్ అనే ఉచిత యాప్ ఉంది. ఫోన్లో ఒకటి, లాప్‌టాప్‌లో ఒకటి పెట్టుకుని రెండింటినీ ఒకే వైఫైలో ఉంచితే, ఫొటోలు ఇంటర్నెట్‌కు పోకుండా నేరుగా ఇటు వచ్చేస్తాయి. ఇక్కడ ఫోనే లాప్‌టాప్‌కు కాల్ చేయాలి. లాప్‌టాప్‌లోని లోకల్‌సెండ్ 53317 అనే పోర్టు తెరిచి దానికోసం ఎదురుచూస్తుంది. కాబట్టి ఈ యాప్‌కు అనుమతి ఇవ్వక తప్పదు. ఇల్లు మనదే కాబట్టి ప్రైవేట్ గడిలో టిక్ ఉంచి, పబ్లిక్ గడి ఖాళీగా వదిలి Allow నొక్కడం సరైన పని.

ఇంత చేసినా ఫోన్ తెరమీద లాప్‌టాప్ పేరు రాకపోవచ్చు. సరిగ్గా ఇక్కడే చాలామంది విసిగిపోయి పబ్లిక్ గడికీ టిక్ పెట్టేస్తారు. వెంటనే పని అయిపోతుంది. 'ఓహో, రెండూ పెడితేనే పనిచేస్తుందన్నమాట' అని గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత ప్రతి యాప్‌కూ రెండు టిక్కులూ పెట్టేస్తుంటారు.

అసలు కారణం వేరే ఉంది. ప్రైవేట్, పబ్లిక్ అనేవి యాప్‌కు ఉండే గుణాలు కావు. మీరు చేరిన ప్రతి నెట్‌వర్క్‌కూ విండోస్ తగిలించే చీటీలు. ఇది ఇల్లా, రైల్వే స్టేషనా అన్నది విండోస్ తనంతట తాను కనిపెట్టలేదు. అందుకని విండోస్ 11 కొత్త వైఫైలో చేరగానే మామూలుగా పబ్లిక్ అనే చీటీ అంటిస్తుంది. విండోస్ 10లో మీ పీసీని ఈ నెట్‌వర్క్‌లో మిగతా పరికరాలకు కనబడనివ్వాలా అని పక్కనుంచి ఒక ప్రశ్న వచ్చేది. దానికి No అన్నవాళ్ల ఇల్లు కూడా పబ్లిక్ లెక్కలోకే పోయింది. అంటే మన ఉదాహరణలో మీరు 'ప్రైవేట్‌లో రానివ్వు' అన్నారు, విండోస్ దృష్టిలో మీ ఇల్లేమో పబ్లిక్. ఫైర్‌వాల్ మీరు చెప్పిన మాటే తు.చ. తప్పకుండా పాటించి ఫోన్‌ని ఆపేసింది.

చీటీ మీద ఏముందో చూడాలంటే పవర్‌షెల్ తెరిచి ఈ ఒక్క ముక్క టైప్ చేయండి:

```
Get-NetConnectionProfile
```

వచ్చిన వరుసల్లో NetworkCategory ఎదురుగా Public అని ఉంటే తేడా అక్కడే ఉంది. పవర్‌షెల్ అంటే బెరుకు ఉన్నవాళ్లు సెట్టింగ్స్‌లో Network & internet లోకి వెళ్లి, ప్రస్తుతం ఉన్న వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే అక్కడే ప్రైవేట్, పబ్లిక్ అని రెండు ఎంపికలు కనిపిస్తాయి. ఇంటి వైఫైకి ప్రైవేట్ ఎంచుకోండి. ఈ మార్పు ఆ ఒక్క నెట్‌వర్క్‌కే వర్తిస్తుంది. రేపు హోటల్లో వైఫై కలిపితే దానికి మళ్లీ విడిగా పబ్లిక్ చీటీయే పడుతుంది. ఇంట్లో వైఫై పేరు మార్చినా విండోస్ దాన్ని కొత్తదిగానే చూస్తుంది కాబట్టి, అంతవరకూ బాగా నడిచిన యాప్ ఆ రోజు నుంచి మొరాయిస్తే ముందు చూడవలసింది ఇక్కడే.

చీటీ ప్రైవేట్ అయినా ఫోన్లో లాప్‌టాప్ పేరు కనిపించకపోతే అప్పుడు ఫైర్‌వాల్‌ని వదిలి వేరే వైపు చూడాలి. ఫోన్ మొబైల్ డేటా మీద ఉందేమో, లేదా రూటర్లోని గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. గెస్ట్ వైఫై చాలా రూటర్లలో పరికరాలను ఒకదానికొకటి కనపడకుండా విడదీస్తుంది. అలాంటిచోట విండోస్‌లో ఎన్ని టిక్కులు పెట్టినా ఫలితం ఉండదు.

పబ్లిక్ టిక్ పెడితే వచ్చే నష్టమేమిటి? ఇంట్లో ఉన్నంతసేపూ దాదాపు ఏమీ లేదు. మీ లాప్‌టాప్‌ను చేరగలిగేవి ఎక్కువగా మీ ఇంట్లోవాళ్ల ఫోన్లు, టీవీ మాత్రమే. బయటి ఇంటర్నెట్ నుంచి అడగకుండా వచ్చేవాటిని మామూలుగా రూటరే గుమ్మంలో ఆపేస్తుంది. అదే లాప్‌టాప్ హాస్టల్ వైఫైలోకో, లాడ్జి వైఫైలోకో వెళ్తే, రూటర్‌కు ఇవతల మీతోపాటు ముక్కూ మొహం తెలియనివాళ్లూ ఉంటారు. మీరిచ్చిన టిక్ అక్కడ కూడా చెల్లుతుంది. ఆ యాప్‌లో లోపం ఏదైనా ఉంటే అది ఆ వైఫైలో ఉన్న అందరికీ అందుబాటులోకి వస్తుంది. 2003లో బ్లాస్టర్ అనే పురుగు ఇలాగే, ఎవరూ ఏమీ నొక్కకుండానే, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి ఇచ్చిన రెండో సర్వీస్ ప్యాక్‌లో ఫైర్‌వాల్‌ని మొదటినుంచే ఆన్ చేసి పెట్టింది. 2017 మేలో వాన్నాక్రై కూడా పక్క కంప్యూటర్లలో 445 పోర్టును తడుముకుంటూనే వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ అప్పుడు దాని బారిన పడ్డాయి.

ఇక ఆ పెట్టెలోనే ఉండి ఎవరూ చదవని ఇంకో వరుస ఉంది: ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్లో ఉంది, ఎవరు తయారుచేశారు అన్నది. విండోస్ 11లో వివరాలకు Show more నొక్కాల్సి రావచ్చు. మీరు ఇప్పుడే తెరిచిన యాప్ పేరు, మీకు తెలిసిన ఫోల్డర్ ఉంటే సరే. ఏమీ తెరవకుండానే పెట్టె వచ్చి, దారిలో Temp లాంటి ఫోల్డర్ కనబడి, తయారీదారు ఎవరో తెలియకపోతే Cancel నొక్కండి. అయితే పని అక్కడితో అయిపోలేదు. ముందే చెప్పుకున్నట్టు అవుట్‌గోయింగ్ తెరిచే ఉంది. అది చెడ్డ ప్రోగ్రామే అయితే, Cancel అన్నాక కూడా మీ సమాచారాన్ని బయటికి పంపగలదు. అలాంటప్పుడు యాంటీవైరస్ స్కాన్ పెట్టి, ఆ ప్రోగ్రామ్‌నే తీసేయాలి.

పేరు తెలిసినదే అయినా ఆలోచించవలసిన సందర్భం ఒకటి ఉంది. కోడింగ్ నేర్చుకునే పిల్లలకూ, మైన్‌క్రాఫ్ట్ ఆడే పిల్లలకూ ఇది తరచూ ఎదురవుతుంది. పెట్టెలో వాళ్లు రాసిన ప్రోగ్రామ్ పేరో, ఆట పేరో ఉండదు. node.exe అనో, python.exe అనో, జావా అనో ఉంటుంది. ఫైర్‌వాల్ అనుమతి ఇచ్చేది ఆ ఫైలుకు, దాని లోపల నడిచే కోడ్‌కు కాదు. ఈరోజు మీ హోంవర్క్ కోసం పైథాన్‌కు దారి తెరిస్తే, రేపు ఎక్కడినుంచో దించుకున్న పైథాన్ స్క్రిప్ట్ కూడా అదే దారిని వాడుకుంటుంది. సొంత కంప్యూటర్లోనే బ్రౌజర్ తెరిచి చూసుకోవడానికైతే సర్వర్‌ను 127.0.0.1 చిరునామా మీద నడపండి. అది కంప్యూటర్ దాటి బయటికి రాదు కాబట్టి ఫైర్‌వాల్ మిమ్మల్ని అడగనే అడగదు.

ముందెప్పుడో తొందరలో Cancel నొక్కేసి ఇప్పుడు అనుమతి కావాలనుకునేవాళ్లకు ఒక చిక్కుంది. Cancel అంటే 'తర్వాత అడుగు' అని కాదు. ఆ ప్రోగ్రామ్ పేరు మీద విండోస్ ఆపివేత నియమాలు రాసుకుంటుంది. మామూలుగా అవి రెండు ఉంటాయి, ఒకటి టీసీపీకి, ఒకటి యూడీపీకి. వాటి మీద మీరు తర్వాత కొత్తగా అనుమతి నియమం చేర్చినా ప్రయోజనం లేదు. ఆపమన్నదీ రానివ్వమన్నదీ రెండూ ఉంటే విండోస్ ఆపమన్నదాన్నే పాటిస్తుంది. అందుకని పాతవాటిని తీసేయాలి. స్టార్ట్ మెనూలో wf.msc అని టైప్ చేసి తెరిచి, ఎడమవైపు Inbound Rules నొక్కితే పెద్ద జాబితా వస్తుంది. అందులో మీ యాప్ పేరు పక్కన ఎర్ర గుర్తుతో ఉన్నవాటిని డిలీట్ చేయండి. యాప్ మూసి మళ్లీ తెరిస్తే ఆ పెట్టె తిరిగి వస్తుంది. ఒకప్పుడు తెలియక రెండు టిక్కులూ పెట్టినవాళ్లకైతే అంత దూరం పోనక్కర్లేదు. కంట్రోల్ ప్యానెల్లో ఫైర్‌వాల్ తెరిచి, యాప్‌లను అనుమతించే జాబితాకు వెళ్లి, Change settings నొక్కి, పబ్లిక్ వరుసలో అక్కర్లేని టిక్కులు తీసేస్తే సరిపోతుంది. ఆ జాబితాలో విండోస్ సొంత భాగాలు చాలా ఉంటాయి, వాటి జోలికి పోకండి. మీరు పెట్టుకున్న యాప్‌లనే చూడండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఈ మార్పులకు అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు మీ ఐటీ విభాగానికి యాప్ పేరు, ఫోల్డర్ దారి, అది ఎందుకు కావాలో రాసి పంపితే వాళ్లకు సగం పని తగ్గుతుంది.